రూ.2,37,100 బాకీ: కోపంతో రాసిన ఉత్తరాన్ని నోటీసుగా మార్చడం

ప్రశ్న: తణుకు దగ్గర నాకు చిన్న అట్టపెట్టెల యూనిట్ ఉంది. 2021లోనే చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించాను. పూతరేకులు, కాజాలు అమ్మే ఒక మిఠాయి వ్యాపారికి జులై, ఆగస్టు నెలల్లో మూడు లోడ్లు పంపాను. సెప్టెంబరులో యాభై వేలు వేసి ఊరుకున్నాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. నిద్ర పట్టక ఒక రాత్రి ఈ కింది ఉత్తరం రాశాను. పంపమంటారా? మార్చాలంటే ఎలా మార్చాలి? బిల్లులు, ఆర్డర్ కాగితాలు, వాట్సాప్ మెసేజ్‌లు జత చేస్తున్నాను.

"ఏమయ్యా, నీకు సిగ్గుందా? తొమ్మిదేళ్లుగా నిన్ను సొంత అన్నలా చూశాను. నన్ను నిలువునా ముంచావు. మూడు లక్షల పైచిలుకు నా డబ్బు దగ్గర పెట్టుకుని కొత్త బ్రాంచి తెరుస్తావా? మూడో లోడులో మూడొందల పెట్టెలు మెత్తగా వచ్చాయని నువ్వంటే నేను కాదన్నానా? మా వాళ్ల తప్పేనని ఒప్పుకున్నాను కదా! నూటికి మూడు రూపాయల వడ్డీతో మొత్తం వెంటనే కట్టు. లేకపోతే 420 కేసు పెడతా. బ్రాంచి ఓపెనింగ్‌కి వచ్చి అందరి ముందూ నిలదీస్తా. వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో నీ బండారం బయటపెడతా. అసలు ఎప్పుడిస్తావో చెప్పు."

జవాబు: ఈ ఉత్తరం పంపకండి. అలాగని చించేయకండి కూడా. మనకు కావలసిన విషయాలు సగం అందులోనే ఉన్నాయి, మిగతా సగం మీరు జత చేసిన కాగితాల్లో ఉన్నాయి.

ముందు ఒక సంగతి చెప్పాలి. మీరు ఈ ఉత్తరం ఆయన్ని ఊహించుకుంటూ రాశారు. కానీ దీన్ని ఆయనొక్కరే చదవరు. ఆయన లెక్కలు చూసే అకౌంటెంట్ చదువుతాడు. వ్యవహారం ముదిరితే చిన్న సంస్థల బాకీ తగాదాలు తీర్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ వాళ్లో, కోర్టులో జడ్జిగారో చదువుతారు. వాళ్లెవరికీ మీ తొమ్మిదేళ్ల స్నేహం తెలియదు. ఏ బిల్లు, ఏ తేదీ, ఎంత బాకీ, ఎప్పటికి కట్టాలి అన్నదే వాళ్లు వెతుకుతారు. మీ ఉత్తరంలో ఆ నాలుగింట్లో ఒక్కటీ లేదు. ఉన్న ఒక్క అంకె 'మూడు లక్షల పైచిలుకు'. అదీ తప్పే.

మీ బిల్లులు నేను కూడి చూశాను. జులై 4 నాటి 41వ బిల్లు 96,000. జులై 21 నాటి 47వ బిల్లు 1,12,000. ఆగస్టు 18 నాటి 55వ బిల్లు 84,500. మొత్తం 2,92,500. సెప్టెంబరు 10న వచ్చిన 50,000 తీసేస్తే 2,42,500. అంటే మీరు ఉన్నదానికి దాదాపు అరవై వేలు ఎక్కువ కలిపి అడుగుతున్నారు. కోపంలో అలా నోటికొచ్చేస్తుంది, అర్థం చేసుకోగలను. కానీ అవతలివాడికి అంతకంటే మంచి సాకు దొరకదు. 'లెక్కే తప్పు, ముందు సరిచేసి పంపండి' అని ఒక్క మెసేజ్ పెట్టి ఇంకో రెండు నెలలు గడిపేస్తాడు.

ఇక ఆ మూడొందల పెట్టెల సంగతి. మొత్తం ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ వాక్యమే. 'మా వాళ్ల తప్పేనని ఒప్పుకున్నాను కదా' అని సంతకం పెట్టి పంపితే, రేపు ఆయన లాయరు మిగతావన్నీ వదిలేసి ఆ ఒక్క వాక్యం కింద గీత గీస్తాడు. మూడొందల పెట్టెలు కాస్తా 'ఆ లోడంతా' అవుతుంది, తర్వాత 'మీ సరుకు నాణ్యత' అవుతుంది. నేను ప్రెస్సు నడిపిన రోజుల్లో నాకు ఇలాగే జరిగింది. క్యాలెండర్ల బాకీ కోసం ఒక పార్టీకి కోపంగా ఉత్తరం రాస్తూ, 'రంగు కొంచెం తేడా వస్తే మాత్రం డబ్బే ఎగ్గొడతారా' అన్నాను. రెండేళ్ల తర్వాత ఆ వాక్యాన్నే జిరాక్స్ తీసి నా ముందు పెట్టారు. చివరికి బాకీలో మూడో వంతు వదులుకుని రాజీ పడాల్సి వచ్చింది.

అలాగని దాన్ని దాచమని అనడం లేదు. సరుకు అందిన మూడో రోజే ఆయన వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి అభ్యంతరం చెప్పాడు, మీరు 'తగ్గించుకుందాం' అన్నారు. ఆ మెసేజ్ ఆయన దగ్గరా ఉంది. అందుకే దాన్ని మనమే ముందు తేల్చేయాలి. పెట్టె ఒక్కింటికి జీఎస్టీతో కలిపి 18 రూపాయలు. 300 పెట్టెలకు 5,400. అంత మొత్తం బిల్లులో తగ్గిస్తున్నట్టు క్రెడిట్ నోటు రాసి నోటీసుకు జత చేయండి. అప్పుడు 55వ బిల్లు 79,100కు దిగుతుంది, మొత్తం బాకీ 2,37,100 అవుతుంది. 5,400 వదులుకోవడంతో గొడవకు కారణం దొరికే ఒకే ఒక చోటు మూసుకుపోతుంది. తప్పు ఎవరిదన్న మాట నోటీసులో అక్కర్లేదు. '300 పెట్టెలకు క్రెడిట్ నోటు ఇస్తున్నాం' అంటే చాలు.

వడ్డీ దగ్గరికి వద్దాం. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. మీ బిల్లు మీద గానీ ఆర్డర్ మీద గానీ అలా రాసి లేదు కాబట్టి అది నిలబడదు. కానీ మీకు చట్టమే వడ్డీ ఇస్తోంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు కొన్నవాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకున్న గడువులోపు డబ్బు కట్టాలి. ఆ గడువు ఎంత పెట్టుకున్నా 45 రోజులు దాటకూడదు. రాతపూర్వక ఒప్పందమే లేకపోతే 15 రోజులు. గడువు దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ కట్టాలి. అది కూడా నెలనెలా అసలులో కలిసే చక్రవడ్డీ. ఇది సెక్షన్ 16లో ఉంది.

మీ ఆర్డర్ కాగితాల మీద '30 రోజుల్లో చెల్లింపు' అని ఉంది. సరుకు బిల్లు తేదీ రోజునే అందినట్టు చలాన్ల మీద వాళ్ల స్టాంపు ఉంది. కాబట్టి 47వ బిల్లు ఆగస్టు 20కి కట్టాలి, వడ్డీ 21 నుంచి మొదలు. ఆ నెలల్లో బ్యాంకు రేటు 5.75 శాతం. మూడు రెట్లు అంటే ఏడాదికి 17.25, నెలకు నూటికి సుమారు ఒక రూపాయి 44 పైసలు. 1,12,000 మీద మొదటి నెల 1,610. అది అసలులో కలిస్తే రెండో నెల 1,633. మూడో నెల 1,657. నవంబరు 20 నాటికి మొత్తం 4,900. జులై 4 బిల్లుకు కూడా ఇదే తీరులో, 50,000 జమ అయిన రోజు నుంచి ఆ మేరకు తగ్గించి లెక్కిస్తే సుమారు 3,320 వస్తుంది. రెండూ కలిపి 8,220.

మూడో బిల్లు మీద మాత్రం ఈ నోటీసులో వడ్డీ అడగకండి. కారణం ఉంది. సరుకు అందిన 15 రోజుల్లోపు కొన్నవాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, దాన్ని మీరు పరిష్కరించిన రోజునే సరుకు అంగీకరించినట్టు చట్టం లెక్కిస్తుంది. మీరు క్రెడిట్ నోటు ఇప్పుడు ఇస్తున్నారు. ఆ బిల్లు మీద పాత తేదీ నుంచి వడ్డీ వేస్తే, సరిగ్గా ఉన్న మిగతా రెండు లెక్కల మీద కూడా అనుమానం వస్తుంది.

ఒక్కటి చూసుకోండి. ఈ చట్టం ప్రకారం అడగాలంటే ఈ సరఫరాల నాటికే మీ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి, అందులో తయారీదారుగా నమోదై ఉండాలి. మీరు 2021లోనే చేయించారు, అట్టపెట్టెలు తయారుచేస్తారు కాబట్టి ఇబ్బంది లేదు. పెట్టెలు కొని అమ్మే ట్రేడర్లయితే ఉద్యమ్ సర్టిఫికెట్ ఉన్నా ఈ దారి దొరకడం కష్టం. వాళ్లు మామూలు బాకీ నోటీసు ఇచ్చుకోవాల్సిందే.

బెదిరింపులు మూడూ తీసేయండి. 420 సెక్షన్ ఇప్పుడు లేనే లేదు. 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చింది, మోసం అందులో 318వ సెక్షన్. నంబరు మార్చి రాసినా లాభం లేదు. సరుకు తీసుకుని, కొంత కట్టి, మిగతాది ఆపినవాడి మీద ఫిర్యాదు ఇస్తే పోలీసులు 'ఇది సివిల్ వ్యవహారం' అని పంపేస్తారు. పైగా డబ్బు రాబట్టుకోవడానికి కేసు పెడతానని బెదిరించారంటూ ఆ కాగితమే మీ మీద వాడొచ్చు. వాట్సాప్ గ్రూపులో పెడతాననడం పరువునష్టానికి ముందస్తు సాక్ష్యం. ఓపెనింగ్‌కి వచ్చి నిలదీస్తాననే మాట అయితే, ఆ రోజు అక్కడ ఏ చిన్న గొడవ జరిగినా మీ తలకు చుట్టుకుంటుంది.

ఆ మూడింటికి బదులు మీరు నిజంగా చేయగలిగింది ఒక్కటి రాయండి: గడువు దాటితే సెక్షన్ 18 కింద ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్తాను. దీనికి మీరు ఆయన ఊరికి తిరగక్కర్లేదు, సరఫరాదారు ఉన్న చోటి కౌన్సిల్‌కే అధికారం ఉంటుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. ముందు రాజీ ప్రయత్నం, కుదరకపోతే మధ్యవర్తిత్వ తీర్పు. ఆ తీర్పును కోర్టులో సవాలు చేయాలంటే ఆయన ముందుగా తీర్పు మొత్తంలో 75 శాతం డిపాజిట్ చేయాలి. చట్టంలో 90 రోజులని ఉన్నా ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుంది. అందుకే మన ప్రయత్నమంతా అక్కడిదాకా వెళ్లకుండా నోటీసుతోనే డబ్బు రాబట్టడం.

దానికి ఉపయోగపడేది ఇంకో వాక్యం. ఆయన అకౌంటెంట్ కళ్లు ఆగేది అక్కడే. సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువు దాటాక కూడా కట్టకుండా మార్చి 31 దాటించిన బిల్లును ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం 43బి(హెచ్) ఒప్పుకోదు. 2023-24 లెక్కల నుంచి ఇది అమల్లో ఉంది. ఎప్పుడు కడితే ఆ ఏడాదే ఖర్చు. కట్టాల్సి వచ్చిన ఆలస్యపు వడ్డీని అయితే ఎప్పటికీ ఖర్చు కింద చూపుకోలేరు. మీ తిట్లు ఆయన్ని ఒక పూట బాధపెడతాయేమో. ఈ వాక్యం మాత్రం ఆయన అకౌంటెంట్ చేత ఆయనకు ఫోన్ చేయిస్తుంది.

ఇదంతా పెట్టి రాస్తే నోటీసు ఇలా వస్తుంది. మీ లెటర్‌హెడ్ మీద, పైన ఉద్యమ్ నంబరు వేసి టైప్ చేయించండి.

తేదీ: 21-11-2025
శ్రీ ………. గారికి, ప్రొప్రైటర్, ……….
విషయం: 41, 47, 55 నంబర్ల బిల్లుల బకాయి రూ.2,37,100, వడ్డీ చెల్లింపు గురించి.

అయ్యా,

మీ ఆర్డర్ల మేరకు మా సంస్థ కింది సరుకు మీకు అందజేసింది. సరుకు ముట్టినట్టు మీ స్టాంపు ఉన్న డెలివరీ చలాన్ల నకళ్లు జత చేశాం.
బిల్లు 41, తేదీ 04-07-2025: రూ.96,000. ఇందులో 10-09-2025న రూ.50,000 అందింది. బకాయి రూ.46,000.
బిల్లు 47, తేదీ 21-07-2025: రూ.1,12,000. బకాయి రూ.1,12,000.
బిల్లు 55, తేదీ 18-08-2025: రూ.84,500. ఇందులో 300 పెట్టెలకు రూ.5,400 క్రెడిట్ నోటు ఇస్తున్నాం. బకాయి రూ.79,100.
మొత్తం బకాయి: రూ.2,37,100.

మీ ఆర్డర్ల ప్రకారం చెల్లింపు గడువు 30 రోజులు. 41, 47 బిల్లుల గడువు 03-08-2025, 20-08-2025 తేదీలతో ముగిసింది. మేము ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ తయారీ సంస్థ. ఎంఎస్‌ఎంఈడీ చట్టం 2006, సెక్షన్లు 15, 16 ప్రకారం ఈ రెండు బిల్లులపై 20-11-2025 వరకు చెల్లించాల్సిన వడ్డీ రూ.8,220. లెక్క జత చేశాం. చెల్లించే తేదీ వరకు వడ్డీ కొనసాగుతుంది.

అసలు, వడ్డీ కలిపి రూ.2,45,320ను 2025 డిసెంబరు 8, సోమవారం సాయంత్రం 5 గంటల లోపు కింది బ్యాంకు ఖాతాకు జమ చేయవలసిందిగా కోరుతున్నాం. ఈ లెక్కలో ఏదైనా అంశంతో మీకు ఏకీభావం లేకపోతే, బిల్లు నంబరు, కారణం పేర్కొంటూ అదే తేదీ లోపు రాతపూర్వకంగా తెలియజేయండి. వివాదం లేని మొత్తాన్ని మాత్రం ఆ తేదీకి చెల్లించండి.

గడువు దాటిన ఈ బకాయిలకు ఆదాయపు పన్ను చట్టం 43బి(హెచ్) వర్తిస్తుందని మీ దృష్టికి తెస్తున్నాం. పై తేదీ లోపు చెల్లింపు అందకపోతే, ఎంఎస్‌ఎంఈడీ చట్టం సెక్షన్ 18 కింద ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో దరఖాస్తు చేస్తాం.

ఇట్లు,
(సంతకం, స్టాంపు)

ఒకసారి మీ ఉత్తరాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. 'ఎప్పుడిస్తావో చెప్పు' అన్నచోట తేదీ, వారం, గంట వచ్చాయి. ప్రశ్న అడిగితే ఆయన 'చూద్దాం' అంటాడు, తేదీ చెబితే దానికి అవునో కాదో అనాల్సిందే. 'వెంటనే' అన్న మాట కూడా అందుకే తీసేశాను, వెంటనే అంటే ఎప్పుడో ఎవరికీ తెలియదు. 'వివాదం లేని మొత్తాన్ని చెల్లించండి' అన్న వాక్యాన్ని మాత్రం ఎవరు తీసేయమన్నా తీయకండి. యాభై పెట్టెల దగ్గర పేచీ పెట్టి మొత్తం ఆపేసే అలవాటును అది అడ్డుకుంటుంది. కొత్త బ్రాంచి ఊసు ఎక్కడా లేదు గమనించారా? ఆయన డబ్బుతో ఏం చేసుకున్నా మీ బాకీ రూపాయి పెరగదు, తరగదు. 'అన్నలా చూశాను' అన్నదీ తీసేశాను. ఆ మాట మీకు నిజమే. ఎప్పుడైనా ఎదురెదురుగా కూర్చున్నప్పుడు చెప్పండి, కాగితం మీద వద్దు.

పంపడం కూడా పద్ధతిగా చేయాలి. సంతకం పెట్టిన కాగితాన్ని స్పీడ్ పోస్టులో, డెలివరీ రుజువు వచ్చేలా పంపండి. రసీదు మీద ఆయన చిరునామా, పిన్‌కోడ్ సరిగ్గా పడ్డాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. అదే కాగితాన్ని స్కాన్ చేసి, మీరు ఎప్పుడూ బిల్లులు పంపే మెయిల్‌కి, ఆయన వాట్సాప్‌కి పంపండి. గ్రూపులకు వద్దు, ఆయన బంధువులకూ వద్దు. కవరు 'తీసుకోలేదు' అని తిరిగొస్తే చింపి చూడకండి, అలాగే భద్రపరచండి. సరైన చిరునామాకు పంపినట్టు అదే సాక్ష్యం. తెలుగులో రాస్తే చెల్లదేమోనన్న సందేహం వద్దు. ఆయన అకౌంటెంట్ ఇంగ్లీషులోనే చూస్తాడనుకుంటే వడ్డీ లెక్క కాగితాన్ని ఇంగ్లీషులో వేయించండి చాలు.

నోటీసు అందగానే ఆయన ఫోన్ చేస్తాడని నా అంచనా. అప్పుడు మళ్లీ పాత కోపం పొంగుతుంది, జాగ్రత్త. వడ్డీ వదిలేయమని అడుగుతాడు. వదలాలా వద్దా అన్నది మీ ఇష్టం. నేనైతే 2,37,100 మొత్తం ఒకేసారి పడితే 8,220 వదిలేస్తాను, కానీ ఆ మాట నోటీసులో ముందే రాయను. వాయిదాలు అడిగితే 'సరే' అని నోటిమాటతో వదలకండి. మొత్తం బాకీ ఇంత, ఈ తేదీలకు ఇంతింత కడతాను అని ఆయన చేత లెటర్‌హెడ్ మీద రాయించి సంతకం తీసుకోండి. బాకీ మీద దావాకు మూడేళ్ల గడువు ఉంటుంది. గడువు లోపల అలా సంతకంతో ఒప్పుకుంటే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతుంది. చెక్కులు ఇస్తే తీసుకోండి. ఏదైనా బౌన్స్ అయితే మాత్రం ఈ నోటీసుతో కలపకండి. బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోపు దానికి వేరే నోటీసు ఇవ్వాలి, అది లాయరు చేతే రాయించండి.

డిసెంబరు 8 సాయంత్రం దాకా గుర్తుచేసే మెసేజ్‌లు పెట్టకండి. 9వ తేదీ పొద్దున ఖాతా చూసుకుని, రాకపోతే అదే రోజు దరఖాస్తు పెట్టండి. అందుకు కావలసిన బిల్లులు, చలాన్లు, ఆర్డర్ కాగితాలు, పోస్టు రసీదు ఇప్పుడే ఒక ఫైల్లో పెట్టి ఉంచుకోండి.